కాగితం మీది 0.036, డాబా మీది 0.036 ఒకటి కాదు తల్లీ

తల్లీ, కొత్తపేటలో కడుతున్న మీ డాబా మీద పరిపించాలనుకుంటున్న థర్మాకోల్ షీట్ల డేటా షీటు ఫోన్లో పంపి, "మావయ్యా, ఇది మంచిదేనా?" అని అడిగావు. కాగితం చూసి మంచిదో కాదో నేను చెప్పలేను. దాన్ని ఎలా చదవాలో మాత్రం చెప్పగలను. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల రొయ్యలు దాచే కోల్డు రూములకు ఇవే షీట్లు అతికిస్తూ నా వయసంతా గడిచింది కదా.

ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూడు. 0.036 W/m·K అని ఉంది. షీటులోంచి వేడి ఎంత సులువుగా దాటిపోతుందో చెప్పే లెక్క అది. ఎంత తక్కువుంటే అంత మంచిది. ఆ అంకె పక్కన ఏం రాశారో చదివావా? 'టిపికల్' అని ఉంటే అది సగటు. నీ ఇంటికి వచ్చిన షీట్లు సగటుకన్నా నాసిగా ఉన్నా కంపెనీ మాట తప్పినట్టు కాదు. 'డిక్లేర్డ్' అని, యూరప్ ప్రమాణం ప్రకారం ఇచ్చి ఉంటే అది గట్టి మాట. తయారయ్యే సరుకులో కనీసం తొంభై శాతం ఆ అంకెకు లోబడే ఉంటుందని, ఆ లెక్కను కూడా తొంభై శాతం నమ్మకంతో కట్టామని అర్థం. నువ్వు పంపిన కాగితంలో ఈ రెండు మాటల్లో ఏదీ లేదు. అడిగి రాయించుకో. మన దేశంలో థర్మాకోల్‌కి IS 4671 అనే ప్రమాణం ఉంది. సరుకు దానికి లోబడి ఉందో లేదో కూడా అడుగు.

దాని కిందే సన్న అక్షరాల్లో 10 డిగ్రీల దగ్గర కొలిచామని ఉంది. అంటే షీటు పై ముఖం, కింది ముఖం వేడిని కలిపి సగం చేస్తే పది డిగ్రీలన్నమాట. నా కోల్డు రూములకు అది కాస్త దగ్గరి లెక్క. నీ డాబాకి కాదు. మే నెల మధ్యాహ్నం మన టైల్సు మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టగలమా? పైన అరవై డిగ్రీలు, కింద ముప్పై అనుకుంటే సగటు నలభై అయిదు. థర్మాకోల్ ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ ఆ అంకె సుమారు మూడోవంతు శాతం పెరుగుతుంది. ముప్పై అయిదు డిగ్రీల తేడాకి 0.036 కాస్తా 0.040 అవుతుంది. కాగితం అబద్ధం చెప్పలేదమ్మా, చలిలో కొలిచిన సంగతి చెప్పింది.

ఇక డెన్సిటీ. క్యూబిక్ మీటరుకు 20 కిలోలు, ఎక్కువ తక్కువ పది శాతం అని రాశారు. మందం 50 మిల్లీమీటర్లు, ఎక్కువ తక్కువ రెండు. ఈ 'ఎక్కువ తక్కువ' దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. థర్మాకోల్‌లో వేడిని ఆపేది పూసల్లో చిక్కుకున్న గాలి. పూసలు మరీ పలచనైతే వేడి కిరణాలుగా వాటిలోంచి దూరిపోతుంది. అందుకే పదిహేను కిలోల కన్నా దిగితే అంకె గబగబా చెడుతుంది. పైగా బరువు పడ్డచోట షీటు నొక్కుకుపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ల్యాబు అక్కర్లేదు, కూరగాయల కొట్టు కాటా చాలు. నీ షీటు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. అయిదు సెంటీమీటర్ల మందంతో సరిగ్గా ఇరవై కిలోల సరుకైతే ఒక్కోటి అరకిలో తూగాలి. ఒక షీటు తూస్తే తప్పు పోవచ్చు, పది తూచు. అయిదు కిలోలు రావాలి. ఆ పదీ ఒకదాని మీద ఒకటి పేర్చి టేపుతో కొలుచు. అర మీటరు ఎత్తు ఉండాలి.

ఒకసారి నాకు వచ్చిన లోడు ఇలాగే తూచాను. పది షీట్లు నాలుగు కిలోల వంద గ్రాములు. దొంతి ఎత్తు 48 సెంటీమీటర్లు. అంటే ఒక్కోటి 48 మిల్లీమీటర్లు, మందం వరకు వాళ్లు రాసిన హద్దులోనే ఉంది. ఆ సన్న మందానికి లెక్క కట్టినా డెన్సిటీ సుమారు పదిహేడే వచ్చింది. కనీసం పద్దెనిమిది ఉండాలి. రెండు సడలింపులూ వాళ్లకే వదిలేసినా 4 కిలోల 320 గ్రాములు తూగాల్సిన సరుకది. వెనక్కి పంపేశాను. ఒక్కటి మరిచిపోకు, అచ్చులోంచి కొత్తగా వచ్చిన షీటులో తడి ఉంటుంది. తడి బరువు డెన్సిటీలా కనిపించి మోసం చేస్తుంది. నాలుగు రోజులు నీడలో గాలికి ఆరబెట్టి తూచు.

ఇప్పుడు ఆ కాగితం పూర్తిగా చెప్పని సంగతి. నీళ్లు. నీటిలోంచి వేడి గాలిలోకన్నా ఇరవై రెట్లు పైగా సులువుగా దాటుతుంది. నీళ్లు పీల్చే శాతం అని ఒక గడి ఉంది, చూశావా? అది ల్యాబులో కొన్నాళ్లు ముంచి తీసిన లెక్క. మన గోదారి జిల్లా వానాకాలాలు పదేళ్లు గడిచాక ఎంతుంటుందో దాన్నిబట్టి తెలియదు. ఓ కోల్డు రూము గోడ విప్పినప్పుడు నేను చూశాను. ఒంటి చేత్తో ఎత్తిన షీటును విప్పేటప్పుడు ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది, మూలలోంచి నీళ్లు కారాయి. బయటి ఉక్కగాలిలోని ఆవిరి చల్లటి వైపుకి నడిచి లోపలే నీరైపోయింది. ఆవిరిని అడ్డుకునే పొరకు అతుకు సరిగా వెయ్యకపోవడం వల్ల జరిగిందది. అతికించింది మా జట్టే.

డాబా మీద ఆ ఆవిరి బాధ తక్కువ, వాన బాధ ఎక్కువ. షీటు ఘనపరిమాణంలో అయిదు శాతం నీరు చేరిందనుకో, 0.040 కాస్తా 0.049 అవుతుంది. మొత్తం లెక్క కట్టి చూడు. మందాన్ని మీటర్లలో ఆ అంకెతో భాగిస్తే వేడిని ఆపే శక్తి తెలుస్తుంది. కాగితం ప్రకారం 0.050ని 0.036తో భాగిస్తే 1.39. మందం 48 అయి, ఎండకు వేడెక్కి, తడి కూడా చేరితే 0.048ని 0.049తో భాగించాలి. ఒకటి కూడా రాదు. కొన్నదాంట్లో దాదాపు ముప్పై శాతం పోయినట్టే.

ఇందులో సందుల లెక్క ఇంకా కలపలేదు. మేస్త్రీ షీటుకీ షీటుకీ మధ్య అర సెంటీమీటరు వదిలేశాడనుకో. పైన పోసే సిమెంటు మాలు అందులోకి దిగుతుంది. దాంట్లోంచి వేడి థర్మాకోల్‌లోకన్నా పాతిక రెట్లు దాటుతుంది. సందులన్నీ కలిపితే డాబాలో ఒకటిన్నర శాతం జాగానే, కానీ దిగే వేడి మూడోవంతు పైగా పెరుగుతుంది. అందుకని 50 మందం షీట్లు మాని 25వి రెండు వరసలు తెప్పించు. కింది వరస సందుల మీద పై వరస షీటు నడుమ వచ్చేలా పరిపించు. స్లాబుకి వాటం, వాటర్‌ప్రూఫింగు ముందే పూర్తవ్వాలి. కరిగిన తారు గానీ, పెట్రోలు వాసన కొట్టే బంక గానీ షీటుకి తగలనివ్వకు, థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. ఇదీ కాగితంలో రాయరు.

లోడు దిగేరోజు నాకు ముందే చెప్పు. కాటా నేను తెస్తాను. షీట్లను ఎండలో పడెయ్యకుండా కింది గదిలో దొంతి పెట్టించు. ఆరాక తూచి, కొలిచాకే మిగతా డబ్బు ఇవ్వు.