చేప ముందా, వరాహం ముందా?

కొండపల్లిలో బొమ్మలు చేసే ఒక తాత ఉండేవాడు. సంక్రాంతి దగ్గర పడిందంటే ఆయన వాకిలంతా తెల్ల పొణికి చెక్క పొట్టే. ఒక ఏడాది ఆయన దశావతారాల బొమ్మలు చేసి, ఎవరికీ అమ్మకుండా ఇంటి కొలువు కోసం అట్టేపెట్టాడు. వాటిని మెట్ల మీద సర్దే పని పదేళ్ల మనవరాలికి అప్పజెప్పాడు.

ఆ పిల్లకి రోజూ రాత్రి అన్నాలయ్యాక నాయనమ్మ పోతన భాగవతం చదివి వినిపించేది. భోగి నాడు పిల్ల మెట్ల మీద తెల్ల పంచె పరిచి, తను విన్న కథల ప్రకారం బొమ్మలు పెట్టింది. ముందు వరాహం, తర్వాత నరసింహస్వామి, ఆ పక్కన తాబేలు, తర్వాత వామనుడు, అయిదో చోట చేప. పేరంటానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ అది చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఇదేంటే తల్లీ, చేప కదా ముందుండాలి? మత్స్య, కూర్మ, వరాహ అని మేమంతా వల్లె వేశాం."

"నాయనమ్మ చదివింది అలా లేదు పెద్దమ్మా. వరాహస్వామి కథ మూడో స్కంధంలోనే వచ్చేసింది. చేప కథ ఎనిమిదో స్కంధం చివర్లో వచ్చింది. కొండకి వెళ్లినా ముందు వరాహస్వామినే కదా చూస్తాం, ఆ తర్వాతే కదా వెంకన్నని!"

"మరి తాబేలు? అది రెండోది కదటే."

"పాలసముద్రం చిలికినప్పుడు రాక్షసుల రాజు బలి చక్రవర్తి. బలి ఎవరు? ప్రహ్లాదుడి మనవడు. ప్రహ్లాదుడు చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు నరసింహస్వామి వచ్చాడు. మనవడు రాజయ్యాక తాబేలు వచ్చింది. మరి తాబేలు వెనక కాక ముందెలా ఉంటుంది?"

పెద్దమ్మ దగ్గర జవాబు లేదు. తాత వైపు చూసింది. తాత ఏమీ అనకుండా మనవరాలిని పని చేసుకునే చోటికి తీసుకెళ్లాడు.

"అమ్మలూ, ఈ పదింటిలో నేను ముందు చెక్కింది ఏదో చెప్పు."

"చేపా?"

"కాదు. కల్కి గుర్రం. దానికి పెద్ద దుంగ కావాలి, అందుకని ముందు అది కోశాను. చేతులూ ఆయుధాలూ విడిగా చెక్కి, చింతగింజల మక్కుతో తర్వాత అతికించాను. గుర్రం పొట్ట కింద మిగిలిన ముక్కలోంచి చిట్టచివర వచ్చింది చేప. చేసిన వరసలో పెడదామంటే కల్కిని ముందు కూర్చోబెట్టాలి. పెడదామా?"

పిల్ల నవ్వింది. "ఇంకా రానివాడు అందరికంటే ముందెలా కూర్చుంటాడు తాతయ్యా?"

"మరి నాది చెక్క వరస. నీది కథ వరస. పెద్దమ్మ చెప్పింది ఇంకో వరస. అదేంటో నువ్వే చూసి రా. కొలువు ముందు నేల మీద కూర్చో. ముఖాలు చూడకు, కాళ్లు చూడు."

పిల్ల వెళ్లి కూర్చుంది. చేపకి కాళ్లు లేవు. తాబేలుకి నాలుగు కాళ్లున్నాయి గానీ పొట్ట నేలకి ఆనుతోంది. వరాహం నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. నరసింహస్వామివి రెండు కాళ్లే, పైన సింహం తల. వామనుడివి పిల్లాడి పాదాలు, అచ్చం తనవిలాగే. ఆ తర్వాత వాళ్లంతా నిండు మనుషులు. చివర కల్కి పాదాలు గుర్రం పక్కన వేలాడుతున్నాయి, నేలకి తగలడం లేదు. పిల్ల కాసేపు అలాగే చూసి, ఎవరూ చెప్పకుండానే లేచి చేపని తీసుకెళ్లి మొదటి చోట పెట్టింది.

నీతి: ఒక వరస తప్పు అనే ముందు అది దేని వరసో అడిగి తెలుసుకోవాలి.

ఆ పిల్ల చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పు లేదు. పూజకి కూర్చున్న ప్రతి ఇంట్లో సంకల్పం చెప్పుకునేటప్పుడు శ్వేతవరాహ కల్పం అంటాం, వెంటనే వైవస్వత మన్వంతరం అంటాం. మొదటి పేరు వరాహానిది, కల్పం మొదట్లో భూమిని నీళ్లలోంచి పైకెత్తినవాడిది. రెండో పేరు వైవస్వత మనువుది. భాగవతం ప్రకారం ఆ మనువు వెనకటి జన్మలో సత్యవ్రతుడనే రాజు, చేప కాపాడినవాడు అతనే. ఒక కల్పంలో పద్నాలుగు మన్వంతరాలు ఉంటే వైవస్వతం ఏడోది. అంటే మనం రోజూ చెప్పుకునే సంకల్పంలో కూడా వరాహమే ముందు. భాగవతం మొదటి స్కంధంలో ఇరవై రెండు అవతారాల పట్టిక ఉంది. అందులో వరాహం రెండోది, చేప పదోది, తాబేలు పదకొండోది. అక్కడే, అవతారాలకు లెక్క లేదని కూడా వ్యాసుడు చెప్పాడు. పది అనే పట్టిక అంత పెద్ద లెక్కలోంచి ఏరి, వేరే అర్థంతో కూర్చినది.

ఆ అర్థం తాత చూపించిన కాళ్లలో ఉందని నా నమ్మకం. పందొమ్మిదో శతాబ్దం నుంచి చాలామంది ఈ వరసని జీవపరిణామంతో పోల్చారు. నీళ్లలో చేప, నీళ్లలోనూ నేల మీదా తిరిగే తాబేలు, నేల మీద జంతువు, సగం మనిషి, పొట్టి మనిషి, నిండు మనిషి అని. చూడగానే పొందికగా అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో పరశురాముడి దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికేమీ మిగలదు, ఆపైన అందరూ మనుషులే కాబట్టి. జంతువులు ఎలా మారాయని అడిగితే ఈ వరస సగంలో ఆగిపోతుంది. కాపాడేవాడు కాపాడవలసిన వాళ్లకి ఎంత దగ్గరగా వచ్చాడని అడిగితే చివరిదాకా నడుస్తుంది.

చేప కథే చూడండి. సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. పెద్ద చేపలు తినేస్తాయి, నన్ను వదలొద్దని అడిగింది. కమండలంలో వేస్తే తెల్లారేసరికి అది చాలలేదు. గంగాళం చాలలేదు, చెరువు చాలలేదు, చివరికి సముద్రంలో విడవాల్సి వచ్చింది. ప్రళయం వచ్చినప్పుడు విత్తనాలూ ఓషధులూ సప్తర్షులూ ఉన్న ఓడని ఆ చేప కొమ్ముకే వాసుకితో కట్టారు. రక్షించేవాడు మొదట రక్షణ అడుగుతూ వచ్చాడు. దోసిట్లో ఇమిడినవాడే చివరికి ఓడని లాగాడు.

తాబేలు ఇంత కూడా మాట్లాడదు. మందరగిరి మునిగిపోతుంటే కింద వీపు పెట్టి ఊరుకుంది. అమృతం పుట్టింది, దాని కోసం దేవదానవులు కొట్టుకున్నారు, తాబేలు వాటా మాత్రం ఎవరూ అడగలేదు. వరాహం బురదలోకి దిగింది. మనం అసహ్యించుకునే జంతువు రూపం ఎందుకంటే, భూమి ఉన్నది నీటి అడుగున, బురదలో. అక్కడికి వెళ్లి కోరతో ఎత్తగల ఒళ్లు అదే.

ఈ మూడు అవతారాలూ లోకమంతటి కోసం వచ్చినవి. నాలుగోది ఒక్క పిల్లవాడి మాట నిలబెట్టడానికి వచ్చింది. హిరణ్యకశిపుడి వరం పగలూ రాత్రీ కాదు, లోపలా బయటా కాదు అంటూ ఎన్నో కిటికీలు మూసింది. నరసింహస్వామి వాటిలో ఒక్కదాన్నీ పగలగొట్టకుండా సంధ్యవేళ, గడప మీద, ఒళ్లో పెట్టుకుని, గోళ్లతో చంపాడు. ఇచ్చిన వరం చెల్లింది, పిల్లవాడి మాటా నిలిచింది. తర్వాత ఆ పిల్లవాడి మనవడి దగ్గరికి వామనుడు వచ్చాడు. ఇప్పుడు గోళ్లు కూడా లేవు, గొడుగూ కమండలమూ మాత్రమే. వరాహం చంపింది హిరణ్యాక్షుణ్ణి, నరసింహుడు చంపింది అతని తోబుట్టువుని, వామనుడు మాత్రం అదే వంశంలో పుట్టిన బలిని చంపకుండా చెయ్యి చాపి అడిగాడు. ఒకే ఇంటికి మూడుసార్లు వచ్చి, మూడోసారి ఆయుధం లేకుండా వచ్చాడు. నాకు ఈ పట్టిక మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇదే.

పరశురాముడూ రాముడూ పక్కపక్కన ఎందుకున్నారో కూడా చూడాలి. భాగవతం తొమ్మిదో స్కంధంలో సూర్యవంశం ముందు వస్తుంది కాబట్టి రాముడి కథ ముందు, పరశురాముడిది తర్వాత. పట్టికలో మాత్రం పరశురాముడే ముందు. ఇద్దరూ తండ్రి మాట విన్నవాళ్లే. జమదగ్ని చెప్పాడని పరశురాముడు తల్లి మీద గొడ్డలి ఎత్తాడు, ఆ తర్వాత ఆమెని బతికించమని వరం అడిగాడు. దశరథుడి మాట కోసం రాముడు ఎవరి మీదా చెయ్యి ఎత్తకుండా తన రాజ్యం తనే వదులుకున్నాడు. రామాయణంలో ఇద్దరూ ఎదురుపడినప్పుడు పరశురాముడు విష్ణుధనుస్సు రాముడి చేతికిచ్చి తపస్సుకి వెళ్లిపోయాడు. ఒక అవతారం బతికుండగానే ఇంకో అవతారానికి పని అప్పగించిన చోటు అది.

ఇక ఎనిమిదీ తొమ్మిదీ. ఇక్కడ ఊరికో మాట. కొన్ని ఇళ్లలో బలరాముడూ కృష్ణుడూ, కొన్ని ఇళ్లలో కృష్ణుడూ బుద్ధుడూ. పన్నెండో శతాబ్దపు జయదేవుడు గీతగోవిందంలో బలరాముణ్ణీ బుద్ధుణ్ణీ పెట్టాడు, కృష్ణుణ్ణి పెట్టలేదు. ఆయన దృష్టిలో పది రూపాలూ కృష్ణుడివే కాబట్టి కృష్ణుడు ఆ పదిలో ఒకడు కాడు. బలరామకృష్ణులిద్దరినీ పెట్టే ఇళ్లలో యుగాల లెక్క చక్కగా కుదురుతుంది. కృతయుగంలో నాలుగు, త్రేతలో మూడు, ద్వాపరంలో రెండు, కలిలో ఒకటి. బుద్ధుణ్ణి పెడితే ఆ లెక్క తప్పుతుంది గానీ, వామనుడి దగ్గర మొదలైన ఆయుధం దింపే దారి మళ్లీ కనిపిస్తుంది.

ఆ తాతకి ఈ సంగతి ఏ పుస్తకమూ చూడకుండానే తెలుసు. అందుకే అమ్మకానికి చేసేటప్పుడు ఆయన పది కాదు, పదకొండు బొమ్మలు చేసేవాడు. కొనడానికి వచ్చినవాళ్లని "మీ ఇంట్లో ఎవరిని పెడతారమ్మా, బలరాముణ్ణా, బుద్ధుణ్ణా?" అని అడిగేవాడు. రెండోవాణ్ణి తీసి అల్మారాలో పెట్టి, మిగిలిన పదింటినీ ఒక్కొక్కటిగా వరిగడ్డిలో చుట్టి, చేప అన్నిటికంటే పైన ఉండేట్టు బుట్టలో సర్ది ఇచ్చేవాడు.