ఎవరికీ చెప్పం

"నువ్వు చెప్పినవి ఎవరికీ చెప్పం." పిల్లల అంగీకార పత్రంలో నేను రాసుకున్న మొదటి వాక్యం ఇదే. ఎథిక్స్ కమిటీ దాని కింద గీత గీసి దరఖాస్తు తిప్పి పంపింది.

నా పరిశోధన పాలమూరు పల్లెల్లో పదిహేను, పదిహేడేళ్ల మధ్య పెళ్లయిన ఆడపిల్లలతో. పద్దెనిమిది నిండని పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోవడం నేరం. అలాంటి పిల్లతో భర్త సంబంధం కూడా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఓ పదహారేళ్ల పిల్ల "నాకు మూడో నెల అక్కా" అన్నదంటే నా వాక్యం అక్కడికక్కడే అబద్ధమైపోతుంది. ఆమె భర్త జైలుకు వెళ్తాడు. ఆమె ఎక్కడికి వెళ్తుంది?

ఇక సంతకం. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పన్నెండేళ్లు దాటిన పిల్లలు తమ అంగీకారాన్ని రాసి ఇవ్వాలి, పెద్దల సమ్మతీ కావాలి. ఏ పెద్దలు? పెళ్లి చేసింది తండ్రే. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టమైతే పెళ్లయిన మైనరు పిల్లకు సంరక్షకుడు భర్తేనంటుంది! ఆమె పెళ్లి గురించి ఆమెను అడగడానికి అతని అనుమతి. అందుకే పెద్దల సమ్మతి నుంచి మినహాయింపు అడిగాను. బదులుగా ఆ పిల్లే ఎంచుకున్న, ఆ ఇంటికి సంబంధం లేని ఒక పెద్ద మనిషి పక్కన ఉంటుంది. కాగితం ఇంట్లో ఉండటమూ ప్రమాదమే, రేపు అత్త ట్రంకుపెట్టెలో చూస్తుంది. కాబట్టి అంగీకారాన్ని నోటిమాటగా రికార్డు చేస్తానని రాశాను.

పేర్లు మారిస్తే గుర్తు పోతుందనుకోవడం మన భ్రమ. పెళ్లయ్యాక పదో తరగతి పరీక్ష రాసిన పిల్ల ఆ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. అందుకని ఊరు, మండలం, కులం ఏవీ రాయను. ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపేస్తాను. పేరుకూ నంబరుకూ లంకె ఉన్న కాగితం వేరే బీరువాలో, తాళంలో. మాటలు కాగితం మీదికి ఎక్కించాక రికార్డింగు చెరిపేస్తాను.

గీత గీసిన వాక్యం మాత్రం తేలికగా లొంగలేదు. చివరికి ఇలా మార్చాను: "నీ మాటలు దాచుకుంటాను. కాపురం సంగతులు చెబితే మాత్రం చట్టం నన్ను పోలీసుల దగ్గరికి వెళ్లమంటుంది. అందుకే అవి అడగను." అది చాలదు. అనుమానం కలిగినా చెప్పాలనే ఉంది చట్టంలో. కాబట్టి ఇంకా కాపురానికి వెళ్లని పిల్లలతోనే మాట్లాడతానని రాశాను. కమిటీ ఒప్పుకుంది. ఎవరి మాట వినాలని బయల్దేరానో వాళ్లే నా దరఖాస్తులోంచి వెళ్లిపోయారు.

భాష సులువుగా ఉందో లేదో చూడమని ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురికి పత్రం ఇచ్చాను. చదివి, "మరి కాపురానికెళ్లిన పిల్ల ఎవరికి చెప్పుకోవాలి పిన్నీ?" అంది. కింద అచ్చువేసిన 1098 నంబరు చూపించాను. ఆ ఫోను ఎత్తేవాళ్లకూ ఇదే చట్టం.