ఎదురుచూసే హక్కు

2020 మార్చి 12న ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. షేర్ల మీద తీసుకున్న అప్పుకి హామీ విలువ సరిపోవడం లేదు, ఏడు పని దినాల్లో లోటు పూడ్చాలి అని. చదివి పక్కన పెట్టేశాను. మార్కెట్ రేపో ఎల్లుండో లేస్తుందని నా నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు. ఇప్పటికీ నన్ను వదలని ప్రశ్న అక్కడే మొదలవుతుంది: మనిషి నమ్మింది నిజమై కూడా అతను నష్టపోతే, తప్పు ఎక్కడ జరిగినట్టు?

ముందు సంగతి చెప్తాను. ఆ జనవరిలో కోస్గిలో నాన్న ఇంటికి స్లాబ్ వేయాలి. నా దగ్గర పది లక్షల విలువైన షేర్లున్నాయి. అమ్మడం ఇష్టం లేదు. వడ్డీ కంటే షేర్లు ఎక్కువ పెరుగుతాయి కదా అని లెక్కేసుకుని, వాటిని తాకట్టు పెట్టి నాలుగున్నర లక్షలు తీసుకున్నాను. ఇంజనీరింగ్ చదివినవాడి లెక్క. స్ప్రెడ్‌షీట్‌లో అందంగానే ఉంది.

ఇలాంటి అప్పుకి రిజర్వ్ బ్యాంక్ 2014లో ఒక హద్దు పెట్టింది. ఫైనాన్స్ కంపెనీ షేర్ల మీద అప్పిస్తే, అది షేర్ల విలువలో సగం దాటకూడదు. ఇచ్చిన రోజున మాత్రమే కాదు, అప్పు ఉన్నన్నాళ్ళూ దాటకూడదు. ధర పడి హద్దు దాటితే ఏడు పని దినాల్లో సరిచేయాలి. నేను ఈ నియమంలో మొదటి సగమే చదివాను. "ఉన్నన్నాళ్ళూ" అనే మాట దగ్గర ఆగలేదు.

మార్చి 12కి నా షేర్లు ఎనిమిది లక్షలయ్యాయి. అందులో సగం నాలుగు లక్షలు. అంటే లోటు యాభై వేలు. మర్నాడు పొద్దున మార్కెట్ కూలి, ట్రేడింగ్ ఆగి, మళ్ళీ తెరిచాక గట్టిగా లేచింది. చూశావా అనుకున్నాను. కానీ గడువు ఏడు రోజులు ఇచ్చారంటే లోటు ఏడు రోజులు ఆగుతుందని కాదు. 22న జనతా కర్ఫ్యూ, ఆ రాత్రి నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. 23న నిఫ్టీ ఒక్క రోజే 13 శాతం పడి 7,610 దగ్గర ఆగింది. నా గడువు ముగిసింది కూడా ఆ రోజే. షేర్ల విలువ 6.2 లక్షలు, అందులో సగం 3.1. యాభై వేల లోటు 1.4 లక్షలైంది.

ఇక్కడ చాలామందికి తట్టని లెక్క ఒకటుంది. 1.4 లక్షల లోటుకి 1.4 లక్షల షేర్లు అమ్మితే చాలదు. అమ్మితే అప్పు తగ్గుతుంది, దాంతోపాటు హామీ కూడా తగ్గుతుంది. సగం నియమం నిలబడాలంటే లోటుకి రెట్టింపు అమ్మాలి, 2.8 లక్షలు. అప్పుడే 3.4 లక్షల షేర్లకి 1.7 లక్షల అప్పు మిగిలి లెక్క సరిపోతుంది. అలా నా షేర్లలో దాదాపు సగం ఆ పాతాళపు ధరకే పోయాయి.

నవంబరుకల్లా నిఫ్టీ జనవరి స్థాయిని దాటింది. నేను నమ్మిందే జరిగింది. మిగిలిన షేర్లు తిరిగి లేచాయి, అమ్ముడైనవి లేవలేదు. వాటి మీద పోయింది సుమారు 1.7 లక్షలు. అప్పు లేని నా రూమ్మేట్ ఆ ఎనిమిది నెలలూ యాప్ తెరవకుండా కూర్చున్నాడు. ఏమీ పోలేదు.

అప్పటి నుంచి నాకు ఇలా అనిపిస్తోంది. ధర పడటం, నష్టపోవడం ఒకటి కాదు. రెంటికీ మధ్య కాలం ఉంటుంది. నేను షేర్లు తాకట్టు పెట్టాననుకున్నాను. నిజానికి తాకట్టు పెట్టింది ఎదురుచూసే హక్కుని.

ఇది నాలాంటి చిన్నవాళ్ళ కథే కాదు. మన హైదరాబాద్ సత్యంలో ప్రమోటర్లు తమ షేర్లన్నీ తాకట్టు పెట్టారు. 2008 డిసెంబరులో మేటాస్ కొనుగోలు ప్రకటనకి ఇన్వెస్టర్లు తిరగబడ్డాక షేరు ఒక్క రోజులో 30 శాతం దాకా పడింది. అప్పిచ్చినవాళ్ళు తాకట్టు షేర్లు అమ్మడం మొదలుపెట్టారు. 2009 జనవరి 7 నాటి లేఖలో రామలింగరాజు అబద్ధపు లెక్కలు ఒప్పుకుంటూ ఈ అమ్మకాల గురించి కూడా రాశాడు. ఆ మోసం వేరే కథ. నాకు కావలసింది ఇంతే: బలవంతపు అమ్మకం ధర అడగదు, వచ్చినకాడికి అమ్ముతుంది. ఆ అమ్మకం ధరని ఇంకా పడేస్తుంది, పడ్డ ధర ఇంకొకరి హద్దు దాటిస్తుంది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలని సెబీ ఆ నెలలోనే నియమం తెచ్చింది.

మరి అప్పిచ్చినవాళ్ళది తప్పా? కొన్నాళ్ళు అవుననే అనుకున్నాను. కానీ వాళ్ళదీ అప్పు తెచ్చిన డబ్బే. నా నమ్మకాన్ని వాళ్ళెందుకు మోయాలి? కాగితం మీద సంతకం నాది.

అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. మార్చి 20 రాత్రి ఫోన్‌లో విషయం తెలిసి అమ్మ అంది, "నా గొలుసు ఉన్నది గద బిడ్డా. పొద్దుగాల్ల మీ నాయినతోని పంపిస్త, బ్యాంకుల కుదువ పెట్టు."

వద్దన్నాను. నా పంతమో సిగ్గో తెలీదు. రెండు రోజుల్లో బస్సులు ఆగిపోయి ఆ దారి ఎలాగూ మూసుకుపోయింది. పెట్టి ఉంటే షేర్లు నిలిచేవి, బంగారం కూడా పెరిగింది. మరి వద్దనడం తెలివితక్కువా?

అదే ఏడు ఆగస్టులో మా ఊళ్ళో తెలిసినాయన ఒకరు కిరాణా కొట్టు నిలబెట్టుకోవడానికి ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టాడు. కరోనా వల్ల అప్పుడు వ్యవసాయేతర అవసరాలకి బ్యాంకులు బంగారం విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ వెసులుబాటు ఇచ్చింది. అంతకుముందు 75 శాతమే. ధర శిఖరం మీదుంది. మార్చికల్లా ఆ శిఖరం నుంచి దాదాపు ఐదో వంతు పడింది. లక్ష నగకి తొంభై వేల అప్పు, పైన వడ్డీ. నగ విలువేమో ఎనభై వేల చిల్లర. 90 శాతం వెసులుబాటు కూడా మార్చి 31తో అయిపోయింది. అప్పు తిరగరాయాలంటే తేడా కట్టమన్నారు. కట్టలేకపోయాడు, నగ వేలానికి పోయింది. బంగారానికి రోజూ మెసేజ్ రాదు, గడువు రోజున ఒకేసారి వస్తుంది. 2025లో పది గ్రాములు లక్ష దాటినప్పుడు ఆయన ఇంట్లో ఏమనుకున్నారో నేను అడగలేదు.

అమ్మ గొలుసు, ఆయన ఇంటి నగ. ఒకటి పెట్టి ఉంటే గెలిచేది, ఇంకోటి పెట్టి పోయింది. కాబట్టి తర్వాత ధర ఎటు పోయిందనేది చూసి ఏది సరో తేల్చలేం. ముందే అడగగలిగే ప్రశ్న ఒకటే ఉంది: ఎంత పడేదాకా నేను తట్టుకోగలను? సగం హద్దున్నచోట పది లక్షల షేర్ల మీద నాలుగున్నర లక్షలు తీస్తే పది శాతం పడటాన్నే తట్టుకుంటాను. రెండున్నరే తీసి ఉంటే యాభై శాతం. 2020 మార్చి నన్ను తాకకుండా పోయేది.

ఆ తట్టుకునే శక్తి అయిపోయాక మిగిలేది మన డబ్బు కాదు, ఇంట్లోవాళ్ళ మెడలో ఉన్నది. అమ్మ దాన్ని ఎప్పుడూ ఆస్తిగా లెక్కపెట్టలేదు. దాని ధర ఆమె ఎన్నడూ చూసుకోలేదు. నా ఎదురుచూపుకి ఆమె గొలుసు జామీను ఉండాలా అన్నదే ఆ రాత్రి అసలు ప్రశ్న. వద్దన్నది సిగ్గుతోనే కావచ్చు. కానీ ఆ ఒక్క జవాబు మార్చాలని మాత్రం నాకు ఇప్పటికీ అనిపించలేదు.