ఎవరి ఎడమ?

కృష్ణా డెల్టాలో పొలం దస్తావేజు చూడండి. హద్దుల్లో కుడి, ఎడమ ఉండవు. తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన పంటబోదె అని ఉంటుంది. చదివేవాడు ఎటు తిరిగినా బోదె కదలదు. విజయవాడ సందుల్లో మాత్రం ఆటో అతనికి ‘లెఫ్ట్’ అనే చెబుతాం. అక్కడ అదే సులువు.

ఆస్ట్రేలియాలో గూగు యిమిదిర్ భాష మాట్లాడేవారు చేతి పక్కనున్న వస్తువుకూ దిక్కే చెబుతారు. ఇలాంటి భాషలవాళ్లకు పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. బల్లమీద బొమ్మల వరుస చూపించి, మనిషిని వెనక్కి తిప్పి, ఇంకో బల్లమీద అలాగే పెట్టమన్నారు. మనలో చాలామంది ఎడమనున్నదాన్ని మళ్లీ ఎడమకే పెడతాం. వాళ్లు ఎక్కువగా ఉత్తరానున్నదాన్ని ఉత్తరానికే పెట్టారు.

‘అలాగే’ అంటే ఏమిటో పరీక్ష చెప్పలేదు. మరి మన బడిలో పిల్లవాడు ‘తూర్పు పక్కది’ అంటే, ‘కుడి అనాలి’ అని మార్కు కొట్టేసే హక్కు మాస్టారికి ఎక్కడిది?