సందేహమును వ్రాయుట

పాత వ్రాతలను చూచి యెత్తివ్రాయువారికి ఒక ధర్మసంకటము తఱచుగా కలుగుచుండును. కంటికానని మాటను తోచినట్లు పూరింపవచ్చునా? ఊహ సరియైనదే యైనచో దోషమేమి యని పలువురు తలంతురు. దోషము గలదని మా యభిప్రాయము.

కడప మండలమునకు ఇది క్రొత్త ప్రశ్న కాదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున కాలిన్ మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులకు పిమ్మట బ్రౌను దొర ప్రతులు వ్రాయించెను. మూలము శిథిలమైన చోట ప్రతియే మూలమగును; అందలి యూహ నాటినుండి చరిత్రయగును.

నేడు ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఒక యింట పాత లెక్కల కాగితము దొరకినదనుకొందము. దాని ఛాయాచిత్రము మసకగా వచ్చినది. అందు మూడు మాన్యములు: మొదటిది ౪ పుట్లు, మూడవది ౧ పుట్టి. రెండవ దాని యంకె ౨ యో ౩ యో తెలియదు. ఆ రెంటికిని భేదము చిన్న వంపు మాత్రమే, మసక దానినే మ్రింగినది. చిత్రమును పెద్దదిగా చేసినచో మసకయే పెద్దదగును గాని పోయిన గీత తిరిగి రాదు. కావున కాగితము దొరకునేని ప్రక్క వెలుతురున మరల చిత్రము తీయవలెను. దొరకనిచో, అదే చేతివ్రాతలో స్పష్టముగా నున్న ౨, ౩ లతో పోల్చి చూడవలెను.

అడుగున మొత్తము ౮ అని యున్నది. అట్లయిన నడిమిది ౩ కావలెను. అయినను ఇది కన్ను చదివినది కాదు, బుద్ధి తేల్చినది. కరణము కూడికలో పొరపడి యుండవచ్చును గదా! కావున [౩?] అని వ్రాసి, అంచున “మొత్తమును బట్టి” యని చేర్చవలెను. బొత్తిగా చదువరాని చోట అక్షరమునకొక చుక్క పెట్టవలెను. ఎఱ్ఱగుంట్ల చేరువనున్న కలమళ్ల శాసనమును ప్రకటించిన పండితులును చెరిగిన చోటులను చుక్కలతోనే చూపిరి.

ఊళ్ల పేర్లయెడ మఱింత జాగరూకత వలయును. “పులి” యని మాత్రము కనబడినచో పులివెందుల వానికి తన యూరే తోచును. పరిచయము కంటికంటె ముందు పరుగెత్తును. అందుచేత మొదటి పాఠమును చూపక వేఱొకరిచే చదివించుట మేలు. ఇరువురి పాఠములు భిన్నమైనచో రెంటిని చూపవలెను.

అట్లని ప్రతి మాటకు సంశయచిహ్న మంటగట్టుటయు తగదు. నిజమైన సందేహము ఆ గుంపులో మఱుగుపడును.

మౌనముగా చేసిన యూహ సరియైనను దోషమే యనుట యిందువలననే: చదువరి దానిని మూలమని నమ్మును, పరీక్షించు నవకాశమును కోల్పోవును. ఆ మాన్యముపై రేపు తగవు వచ్చినచో, రెండు పుట్లో మూడు పుట్లో తేల్చువాడు మన ప్రతినే చూచును. గుర్తు కనబడినచో మూలమును వెదకును. లేనిచో మన యూహను సాక్ష్యముగా గైకొని తీర్పు చెప్పును.