కొవ్వొత్తి ఆరిన తర్వాత

ఈ వారం శీర్షిక పిల్లల కోసం. చదవడం వచ్చినవాళ్ళు తామే చదువుకోవచ్చు. రానివాళ్ళకు ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించాలి. ఇందులోని కుటుంబం కల్పితం. రాత్రి మాత్రం నిజమైనదే. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు రాలేదు.

ఆ రాత్రి ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో, హాలు మధ్య చాప పరుచుకుని అయిదుగురు కూర్చున్నారు. అమ్మ, నాన్న, మామ్మ, పదేళ్ళ చిన్ను, ఆరేళ్ళ లల్లి. బాల్కనీ వైపు కిటికీ అద్దం పొద్దున్నే పగిలిపోయింది. నాన్న అట్టపెట్టె విప్పి అడ్డం కట్టాడు గానీ సందుల్లోంచి జల్లు కొడుతూనే ఉంది. ఇంట్లో ఉన్నవి రెండే కొవ్వొత్తులు. "రేపటికి ఒకటి ఉండనీ" అని అమ్మ ఒక్కటే వెలిగించింది. స్టీలు పళ్ళెంలో నాలుగు చుక్కల మైనం కార్చి, దాని మీద కొవ్వొత్తి నిలబెట్టి, గాలి తగలకుండా ఆవకాయ జాడీ అడ్డం పెట్టింది.

"మామ్మా, కథ" అంది లల్లి.

"ఇవాళ కథల్లేవమ్మా. ఆ గాలి హోరుకి చెవులు దిమ్మెక్కిపోయాయి. నేను నోరు విప్పను."

"టీవీ లేదు, ఫోను లేదు, నువ్వూ లేకపోతే ఎలాగ?" అన్నాడు చిన్ను.

మామ్మది నాగావళి ఒడ్డున పల్లె. పొలం గట్ల మీద పెరిగిన మనిషి. వాన చప్పుడు వింటే ఆవిడకు ముందు గుర్తొచ్చేది వరిమడే. కాసేపు బెట్టు చేసి, చివరికి మొదలెట్టింది.

"ధౌమ్యుడని ఒక గురువుగారు. ఆయన దగ్గర ఆరుణి అని ఒక కుర్రాడు చదువుకునేవాడు. పాంచాల దేశం వాడు. ఒకరోజు గురువుగారు పిలిచి, మడిగట్టుకి గండి పడింది, వెళ్ళి కట్టిరా నాయనా అన్నారు. గండి కట్టడం అంటే ఏమనుకున్నారు? గట్టు కింద ఎండ్రకాయ బొరియ ఒక్కటి చాలు. ముందు నీళ్ళు తేటగా ఊరతాయి. దాంతో ఫరవాలేదు. అవే నీళ్ళు బురదగా రావడం మొదలైందా, లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట. అప్పుడు పార తీసుకుని పరిగెత్తాలి. ఆలస్యమైతే నువ్వు వేసిన మట్టిబెడ్డ వేసినట్టే పోతుంది. ప్రవాహం మీద మట్టి నిలవదు. ముందు ఏదో ఒకటి అడ్డంగా పడుకోబెట్టాలి. తాటిమొద్దో, గడ్డిమోపో. దాని వెనక మట్టి వేస్తే నిలుస్తుంది."

"ఆరుణి దగ్గర తాటిమొద్దు ఉందా?"

"లేదు. ఎంత ప్రయత్నించినా గండి పూడలేదు. తన దగ్గర ఉన్నది తనే కదా! అడ్డంగా పడుకున్నాడు. నీళ్ళు ఆగాయి."

"అప్పుడు ఇలాగే వాన పడుతోందా మామ్మా?"

మామ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మా నాన్న చెప్పినప్పుడు పడేది" అంది.

నిజానికి మహాభారతం ఆదిపర్వంలో ఈ కథ ఉన్న చోట వాన మాటా లేదు, రాత్రి మాటా లేదు. గురువు చెప్పాడు, శిష్యుడు వెళ్ళాడు, పడుకున్నాడు, అంతే. వాననీ చీకటినీ తర్వాత కథ చెప్పినవాళ్ళు తెచ్చి కలిపారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. మడిగట్టు తెగడం చూసిన రైతు నోట ఈ కథ వానలేకుండా ఎలా వస్తుంది?

"ఆరుణి ఎంతకీ రాకపోయేసరికి గురువుగారు మిగతా శిష్యుల్ని వెంటబెట్టుకుని పొలానికి వెళ్ళారు. గట్టు మీద నిలబడి, పేరు పెట్టి గట్టిగా కేకేశారు. ఆ గొంతు చెవినపడగానే ఆరుణి గండిలోంచి లేచి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆపిన నీళ్ళు కాస్తా పోయాయి!"

"గురువుగారు తిట్టలేదా?"

"తిట్టడమేమిటి! గట్టు తెంచుకుని లేచినవాడివి గనక నీకు ఉద్దాలకుడని పేరు, చదువంతా దానంతటదే వస్తుంది పో అని దీవించారు."

ఈసారి లల్లికి కృష్ణుడు కావాలట. కృష్ణుడూ వానా అనగానే చిన్నుకి గోవర్ధనం గుర్తొచ్చింది. మామ్మ అది చెప్పలేదు. భాగవతం దశమస్కంధంలో, కుచేలుడి కథ మధ్యలో దాగిన చిన్న ముక్క ఎత్తుకుంది. కృష్ణుడూ కుచేలుడూ సాందీపని గురువుగారింట్లో చదువుకునే రోజుల్లో గురుపత్ని వాళ్ళను కట్టెలకు అడవికి పంపింది. కాలం కాని కాలంలో పెనుగాలి, ఉరుములు, వాన. పొద్దు కుంకింది. ఎత్తేదో పల్లమేదో తెలియకుండా అంతా నీళ్ళే. కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, దారి తెలియక రాత్రంతా అడవిలో తిరిగారు. తెల్లవారాక గురువుగారే వెతుక్కుంటూ వచ్చి కలుసుకున్నారు.

"మరి కొండ ఎత్తినవాడు కదా" అన్నాడు చిన్ను. "ఇంకొకటి ఎత్తి, దాని కింద కూర్చోవచ్చుగా?"

"అక్కడ ఆయన దేవుడు కాదురా, గురువుగారింట్లో కట్టెలు తెచ్చే కుర్రాడు. పైగా పక్కన చెయ్యి పట్టుకున్నవాడున్నాడు. ఆ రాత్రి ఎంత గుర్తుండిపోయిందంటే, ఏళ్ళు గడిచి ద్వారకలో మహారాజులా ఉన్నప్పుడు కూడా, చినిగిన బట్టలతో వచ్చిన కుచేలుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, జ్ఞాపకముందా ఆ వాన అని అడిగాడు."

లల్లికి దాహమేసింది. వంటిల్లు రెండడుగుల దూరం. హాల్లో కొవ్వొత్తి వెలుగు అక్కడిదాకా పడుతోంది గనక ఒక్కతే వెళ్ళింది. సరిగ్గా అప్పుడే గాలి విసురుకి కిటికీ అట్ట ఊడి వచ్చింది. జాడీ ఉన్నా కొవ్వొత్తి ఆరిపోయింది. అగ్గిపెట్టె తడిసిపోయింది. ఒక పుల్ల, రెండు పుల్లలు, మూడు. ఏదీ అంటుకోలేదు. పున్నమి వెళ్ళి నాలుగు రోజులే అయినా మబ్బుల వెనక చంద్రుడు ఉన్నాడో లేడో తెలియడం లేదు.

"అమ్మా!" వంటింట్లోంచి ఏడుపు.

అమ్మ లేవబోయింది. "కదలకు, నీ వైపు గాజు పెంకులున్నాయి" అని నాన్న ఆపాడు.

మామ్మ గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "లల్లీ, నీ చెయ్యి నీకు కనిపిస్తోందా?"

"లేదు."

"నా మాట వినిపిస్తోందా?"

"ఊ."

"అయితే ఇంకేం! నేనో కథ చెబుతుంటాను. గోడ పట్టుకుని, నా గొంతు ఎటు వినిపిస్తే అటు రా. కిటికీ వైపు పోకు. జనకమహారాజు ఉన్నాడు కదా, సీతమ్మవారి పుట్టింటి వంశం వాడు. ఆయన దగ్గరికి యాజ్ఞవల్క్యుడనే మహర్షి వచ్చాడు. ఇవాళ నేనేమీ మాట్లాడను అనుకుంటూ వచ్చాడు, నాలాగే. కానీ నీ ఇష్టం వచ్చినప్పుడు ఏదైనా అడగమని జనకుడికి ఎప్పుడో వరమిచ్చి ఉన్నాడు. జనకుడు ఊరుకుంటాడా? మనిషికి వెలుగేది స్వామీ, అని అడిగాడు. వస్తున్నావా?"

"వస్తున్నా."

"సూర్యుడన్నాడు. ఆ వెలుగులోనే కూర్చుంటాం, తిరుగుతాం, పని చేసుకుని ఇంటికొస్తాం. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ అస్తమిస్తే? అగ్ని. దీపమన్నమాట. అదీ ఆరిపోతే?"

"మన కొవ్వొత్తిలాగ" అన్నాడు చిన్ను చీకట్లోంచి.

"అప్పుడు మాటే వెలుగు అన్నాడు మహర్షి. తన చెయ్యి తనకు కనిపించని చీకట్లో కూడా, ఎవరైనా పలికితే ఆ పలుకు వైపు నడిచి వెళ్ళగలడు మనిషి."

మామ్మ చీరకొంగును ఒక చిన్న చెయ్యి పట్టుకుంది.

ఈ సంవాదం బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో ఉంది. చెయ్యి కనిపించని చీకటి ఉదాహరణ మామ్మ కల్పించింది కాదు, ఉపనిషత్తు చెప్పిందే. ఇంకొక సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. అదే గ్రంథం ఆరో అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడి గురువుగా ఉద్దాలక ఆరుణి పేరు వస్తుంది. గండికి అడ్డం పడుకున్న కుర్రాడే ఈ ఉద్దాలకుడని సంప్రదాయం చెబుతుంది. అదే నిజమైతే, మాటే వెలుగని జనకుడికి చెప్పిన మహర్షికి పాఠం చెప్పినవాడు, గురువు గొంతు విని బురదలోంచి లేచి వచ్చినవాడే.

"మాట కూడా ఆగిపోతే?" చిన్ను అడిగాడు.

"సరిగ్గా అదే అడిగాడురా జనకుడు! మాటా ఆగిపోతే, తనకు తానే వెలుగు అన్నాడు యాజ్ఞవల్క్యుడు."

"అంటే?"

"నిన్న రాత్రి కలొచ్చిందని చెప్పావే, ఏం కల?"

"ఎర్ర సైకిలు. బీచ్ రోడ్డులో తొక్కుతున్నాను."

"గదిలో లైటు తీసేశాం. నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఎరుపు రంగు ఎలా కనిపించింది? సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, దీపం లేదు. పక్కన నేను మాట్లాడటం లేదు. అక్కడ రోడ్డూ లేదు, సైకిలూ లేదు. ఉన్నట్టు చూశావు. ఏ వెలుగులో చూశావు?"

చిన్ను తేలిగ్గా లొంగే రకం కాదు. "పగలు కొట్లో చూసిన సైకిలే కదా కల్లోకి వచ్చింది. అది నాది కాదు."

"ఒప్పుకున్నాను. మహర్షీ ఒప్పుకున్నాడు. కలకు కావలసిన సరుకంతా మెలకువలో చూసిన ఈ లోకం నుంచే కొంచెం కొంచెం పట్టుకుపోతాం అన్నాడు. సరుకు కొట్టువాడిదే. నేనడిగింది దాన్ని చూపించిన వెలుగు ఎవరిదని."

ఈలోగా నాన్న గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, లైటరుతో గ్యాసు పొయ్యి వెలిగించి, ఆ మంటకు కొవ్వొత్తి అంటించుకొచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు, కూర్చోవడం మరిచిపోయాడు. అమ్మే లాగి కూర్చోబెట్టింది.

"కల కూడా రాకుండా పడుకుంటే మామ్మా? అప్పుడు చూసేదేమీ లేదుగా, వెలుగు ఉన్నట్టా లేనట్టా?"

"అమ్మో! జనకుడూ ఇలాగే వదల్లేదు. అయితే ఆయన ఒక్కో జవాబుకి వెయ్యేసి ఆవులిస్తానంటూ, ఇంకా చెప్పండి స్వామీ అన్నాడు. నువ్వేమిస్తావు?"

చిన్ను చుట్టూ చూశాడు. పళ్ళెం పక్కన సగం తిన్న బిస్కెట్ ఉంది. అది లల్లిది. ఆ పిల్ల దాన్ని గబుక్కున తీసి, ఇంకా రెండుసార్లు కొరికి, మిగిలిన ముక్క మామ్మ చేతిలో పెట్టింది.

"ఇదేనా? దీనికి సగం జవాబే వస్తుంది" అంది మామ్మ. "అదీ నాకు పళ్ళు లేవు. కాసిని పాలలో నానబెట్టి పట్రండి, అప్పుడు చెబుతాను."