ఒక చెవిలో హోరు

ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన గంటసేపు నిలబడితే ఆ రాత్రి చెవిలో గుయ్‌మంటుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జలుబుకు వేసే చెవి దిబ్బడ కూడా ఎక్కువగా జలుబుతోనే పోతుంది.

చిక్కల్లా వీటిలా కనిపించే ఇంకోదానితో. విమానం దిగి నడుస్తుండగా ఉన్నట్టుండి ఏమీ వినబడలేదని గాయని అల్కా యాగ్నిక్ 2024లో వెల్లడించారు. వైరస్ వల్ల వినికిడి నాడి దెబ్బతిందని వైద్యులు తేల్చారు. చాలామందికి ఈ హఠాత్తు వినికిడి లోపం ఒక్క చెవికే వస్తుంది, తరచూ నిద్ర లేచేసరికి, హోరుతో. జలుబే అనుకుని చుక్కల మందు వేసుకుంటూ కూర్చుంటారు.

నోరు మూసి కూనిరాగం తీస్తే కొంత తెలుస్తుంది. దిబ్బడ వేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే జలుబో గులిమో అడ్డుపడి ఉండొచ్చు. బాగున్న చెవిలో వినిపిస్తే నాడిని అనుమానించాలి. ఇది ఇంటి పరీక్షే, దీన్ని నమ్ముకుని ఆగకూడదు. హఠాత్తుగా వినికిడి తగ్గితే అదే రోజు, కుదరకపోతే మర్నాడు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా నేరుగా ఎమర్జెన్సీకే.

ఆడియోమెట్రీలో నాడి లోపమని తేలితే సాధారణంగా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. మొదటి రెండు వారాల్లోనే వాటికి ఫలితం దక్కే అవకాశం ఎక్కువ, అయినా అందరికీ వినికిడి పూర్తిగా తిరిగిరాదు. షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మాత్రలు పడనివాళ్లకు కర్ణభేరి గుండా ఇంజెక్షన్ ఇస్తారు.